పొగ మీద మూత

చలికాలంలో వంజంగి కొండ ఎక్కినవాళ్లెవరూ ఆ దృశ్యాన్ని మరచిపోరు. పాడేరు దగ్గరి ఆ కొండకు జనం చీకటితోనే బయలుదేరతారు. తూర్పు ఎర్రబడేసరికి పైకి చేరితే లోయంతా తెల్లగా నిండి ఉంటుంది, పాలు పోసి పెట్టిన పళ్లెంలా. చుట్టుపక్కల కొండల కొసలు మాత్రం అందులోంచి దీవుల్లా తేలుతూ ఉంటాయి. అందరూ ఫొటోలు తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను. ఇంటికొచ్చి ఆ ఫొటోలు చూసుకుంటుంటే ఒక సంగతి తట్టింది. మామూలుగా ఆకాశంలో చూసే మబ్బుకు పైన గుట్టలు గుట్టలుగా పొంగు ఉంటుంది. ఈ మబ్బుకు పైభాగం దాదాపు చదునుగా ఉంది. ఎవరో పైనుంచి పలక పెట్టి అదిమినట్టుంది.

కొండ కింద బండి దిగినప్పుడు పళ్లు కొట్టుకునేంత చలి. పైకి వచ్చాక అంత లేదు. ఎక్కిన ఆయాసానికి ఒళ్లు వేడెక్కిందనుకున్నాం. అక్కడ టీ అమ్ముతున్న ఆమె నవ్వి, "కిందే చలెక్కువ బాబూ. ఎండెక్కితే మబ్బంతా విడిపోద్ది" అంది.

ఆ రెండు మాటల్లోనే విషయమంతా ఉంది. పైకి వెళ్లేకొద్దీ చల్లబడాలని బడిలో చదువుకున్నాం. అక్కడ అది తలకిందులైంది. చల్లగాలి కింద, వెచ్చటి గాలి పైన. ఈ తలకిందుల స్థితినే వాతావరణ శాస్త్రంలో ఉష్ణోగ్రతా విలోమం అంటారు. లోయలో నిండింది మంచు కాబట్టి చూడముచ్చటగా ఉంది. అదే మూత ఒక నగరం మీద పడితే, దాని కింద నిండేది బండ్ల పొగ, చెత్త మంటల పొగ, రోడ్ల దుమ్ము. ఆ పళ్లెం అడుగున ఊపిరి పీల్చుతూ ఉండేది మనం.

చలి కింద పడుతుంది

ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడెక్కించదు. గాలిలోంచి దూసుకొచ్చి నేలను కాలుస్తుంది. కాలిన నేల తనను ఆనుకున్న గాలిని వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, దాని చోటులోకి పై గాలి దిగుతుంది. మధ్యాహ్నం పూట ఈ కవ్వం తిరుగుతూనే ఉంటుంది. అందుకే పగలు నేల దగ్గర వెచ్చగా, పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది. సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది.

పొద్దు గుంకగానే వ్యవహారం మారుతుంది. నేల పగలు దాచుకున్న వేడిని కంటికి కనిపించని కిరణాల రూపంలో ఆకాశంలోకి వదిలేయడం మొదలుపెడుతుంది. నిజానికి పగలూ వదులుతూనే ఉంటుంది కానీ, అప్పుడు ఎండ ఇచ్చేది అంతకంటే ఎక్కువ. రాత్రి ఇచ్చేవాడు లేడు, పోయేదే ఉంది. మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువగా ఉంటుందని పొలం కాపలా కాసిన ప్రతి రైతుకూ తెలుసు. మబ్బు దుప్పటిలా పనిచేసి ఆ వేడిలో కొంత వెనక్కి పంపుతుంది. ఆకాశం తేటగా, చుక్కలు మెరుస్తూ ఉన్న రాత్రి ఆ దుప్పటి ఉండదు. నేల గబగబా చల్లబడుతుంది.

నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి నేలను వదలదు. దానికి పైన వందో రెండు వందలో మీటర్ల ఎత్తులో ఉన్న గాలికి నేల తగలదు కాబట్టి, అది పగటి వెచ్చదనాన్ని చాలావరకు నిలుపుకుంటుంది. తెల్లవారేసరికి బరువైన చల్లగాలి అడుగున, తేలికైన వెచ్చగాలి పైన చేరి ఉంటాయి. నీళ్ల మీద నూనెలా ఇది స్థిరమైన అమరిక. కదిపితే తప్ప కలవదు.

ఇందుకు మూడు కలిసిరావాలి. ఆకాశం తేటగా ఉండాలి, గాలి నిలిచిపోవాలి, రాత్రి పొడుగ్గా ఉండాలి. మూడూ ఒకేసారి దొరికేది మార్గశిర పుష్య మాసాల్లో. చుట్టూ కొండలుంటే నాలుగో సాయం కూడా అందుతుంది. కొండవాలు మీద చల్లబడ్డ గాలి నీళ్లలాగే పల్లానికి జారి లోయలో చేరుతుంది. లంబసింగిలో అంత చలి పడటానికి ఇదీ ఒక కారణం.

ఎగరలేని పొగ

ఇప్పుడీ గాలిలోకి పొగను వదిలి చూద్దాం. ఉదాహరణకు తెల్లవారుజామున నేల దగ్గర 10 డిగ్రీలు, వంద మీటర్ల ఎత్తులో 13 డిగ్రీలు ఉన్నాయనుకోండి. ఒక బస్సు కదిలింది. దాని గొట్టంలోంచి వచ్చే పొగ చాలా వేడిగా ఉన్న మాట నిజమే. కానీ రెండు మూడు మీటర్లు పోయేలోపే చుట్టూ ఉన్న చల్లగాలితో కలిసి ఆ వేడి పోగొట్టుకుంటుంది. ఇంచుమించు 10 డిగ్రీల గాలిలో ఒక భాగమైపోతుంది.

పైకి లేచే గాలికి ఒక నియమం ఉంది. పైన ఒత్తిడి తక్కువ కాబట్టి అది వ్యాకోచిస్తుంది, వ్యాకోచించి చల్లబడుతుంది. వంద మీటర్లకు సుమారు ఒక డిగ్రీ. అంటే మన పొగ కలిసిన గాలిని ఏదైనా చిన్న గాలివాటు వంద మీటర్ల పైకి నెట్టిందనుకున్నా, అక్కడికి చేరేసరికి అది 9 డిగ్రీలకు పడిపోతుంది. చుట్టూ ఉన్నది 13 డిగ్రీల గాలి. తన కన్నా తేలికైన గాలి మధ్య ఇది బరువుగా నిలబడలేదు. వచ్చిన దారినే కిందికి దిగిపోతుంది.

మధ్యాహ్నమైతే ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. నేల కాలి ఉంటుంది కాబట్టి లేచిన గాలి తన చుట్టూ ఉన్న గాలి కన్నా వెచ్చగానే ఉంటుంది. అలా ఎగబాకుతూనే పోతుంది, పొగను తనతో తీసుకుపోతుంది.

ఈ మూతను చూడటానికి పరికరమేమీ అక్కర్లేదు. చలికాలం సాయంత్రం పల్లెటూరి శివార్లలో నిలబడి వంట పొగలను చూడండి. కొంత ఎత్తు దాకా నిటారుగా లేస్తాయి. అక్కడ ఏదో తగిలినట్టు ఆగి, పక్కలకు పరుచుకుని, ఊరి మీద పందిరి వేసినట్టు నిలుస్తాయి. వాటి బలం అయిపోయిన చోటది. తనకూ చుట్టూ ఉన్న గాలికీ వెచ్చదనంలో తేడా లేకుండా పోయింది కాబట్టి, పొగ అక్కడే ఉండిపోయింది.

అదే పొగ, చిన్న గది

ఈ మూత వల్ల ఎంత తేడా వస్తుందో చిన్న లెక్క వేసి చూడవచ్చు. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న ఒక నగరపు పేట తీసుకుందాం. అక్కడి బండ్లు, పొయ్యిలు, చెత్త మంటలు కలిసి కొన్ని గంటల్లో పది కిలోల సన్నటి ధూళిని గాలిలోకి వదిలాయనుకుందాం. ధూళి అన్నది వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేని కణాల సంగతి. వీటినే పీఎం 2.5 అంటున్నారు. ముక్కులోని వెంట్రుకలూ గొంతులోని తేమా వీటిని పూర్తిగా ఆపలేవు. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి.

మధ్యాహ్నం గాలి వెయ్యి మీటర్ల ఎత్తు దాకా కలుస్తోందనుకుంటే, ఆ పది కిలోలు పరుచుకోవడానికి వంద కోట్ల ఘనపు మీటర్ల చోటు ఉంది. ఒక్కో ఘనపు మీటరుకు వచ్చేది 10 మైక్రోగ్రాములు. తెల్లవారుజామున మూత వంద మీటర్లకు దిగితే చోటు పది కోట్ల ఘనపు మీటర్లే. అదే పది కిలోలు ఇప్పుడు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములవుతాయి. రోజు మొత్తానికి సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 15. ఒక్క బండి పెరగలేదు, ఒక్క మంట అదనంగా వెలగలేదు. పైకప్పు దిగిందంతే. సురక్షితమనుకున్న గాలి హద్దు దాటిపోయింది.

ఇది గాలి అసలు వీచని పరిస్థితికి వేసిన లెక్క. గాలి వీస్తే కొంత పొగ పక్కకు కొట్టుకుపోతుంది. అందుకే వాతావరణ శాఖవాళ్లు ఈ రెంటినీ కలిపి చూస్తారు. గాలి కలిసే ఎత్తును మీటర్లలోనూ, గాలి వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లనీ తీసుకుని గుణిస్తారు. ఢిల్లీకి ఇచ్చే ముందస్తు అంచనాల్లో ఈ లబ్ధం 6000 కన్నా తగ్గి, గాలి వేగం గంటకు పది కిలోమీటర్ల లోపు ఉంటే, పొగ చెదిరిపోవడానికి పరిస్థితి అనుకూలంగా లేదని చెబుతారు. పైకప్పు ఎంత ఎత్తున ఉంది, కిటికీ ఎంత తెరిచి ఉంది అన్న రెండు ప్రశ్నలకూ ఆ ఒక్క అంకె జవాబు.

ఢిల్లీలో ఒక చలి రాత్రి

ఢిల్లీ అనగానే పంజాబ్, హర్యానాల్లో తగలబెట్టే వరికొయ్యల పొగ గుర్తుకొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో దాని వాటా పెద్దదే. కానీ ఆ మంటలు నవంబరు చివరికల్లా ఆరిపోతాయి. డిసెంబరు, జనవరుల్లో కూడా ఢిల్లీ గాలి తీవ్రమైన స్థాయికి చేరుతూనే ఉంటుంది. కొయ్యలు ఆరినా పొగ పోలేదంటే, నగరం రోజూ వదిలే సొంత పొగ మీద మూత కూర్చుందని అర్థం.

అక్కడి ఒక జనవరి రాత్రిని గంట గంటకూ గమనిస్తే ఇలా ఉంటుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గాలి ఆ రోజుకల్లా కాస్త మెరుగ్గా ఉంటుంది. సాయంత్రం ఆరు దాటేసరికి నేల చల్లబడి మూత పడటం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఆఫీసులు వదిలి బండ్లన్నీ రోడ్డెక్కుతాయి. రాత్రి లారీలు నగరంలోకి వస్తాయి. చలికి కాపలావాళ్లు, రోడ్డు పక్కన పడుకునేవాళ్లు దొరికిందల్లా వేసి చలిమంటలు వేసుకుంటారు. అర్ధరాత్రికి పొగ పేరుకుంటుంది. తర్వాత బండ్లు తగ్గినా ఊరట రాదు, ఎందుకంటే మూత ఇంకా దిగుతూనే ఉంటుంది.

తెల్లవారుజామున తేమ ఈ ధూళి కణాల మీద పట్టి సన్నని బిందువులవుతుంది. మంచు, పొగ కలిసిపోతాయి. సూర్యుడు లేచినా ఎండ నేలకు చేరదు. పొగమంచు పైభాగం ఎండలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పి పంపేస్తుంది. నేల వేడెక్కితేనే మూత విడిపోవాలి, మూత కింద ఉన్న పొగేమో నేలను వేడెక్కనివ్వదు. ఈ చిక్కుముడి వల్ల కొన్ని రోజులు పది, పదకొండు దాకా కూడా మూత విడదు. కొన్ని రోజులు మధ్యాహ్నానికి కొద్దిగా లేచి మళ్లీ కూర్చుంటుంది. మొన్నటి పొగ పోకముందే నిన్నటిది, దాని మీద ఇవాళ్టిది చేరుతుంది.

ఎండెక్కేటప్పుడు జరిగే ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. రాత్రంతా ఎత్తైన ఫ్యాక్టరీ గొట్టాల పొగ ఈ మూతకు పైనే తేలుతూ ఉండి ఉండవచ్చు. అప్పటిదాకా కిందివాళ్లకు దాని బాధ లేదు. నేల వేడెక్కి గాలి కవ్వం తిరగడం మొదలై, ఆ కదలిక మెల్లగా పైకి పాకి ఆ పొగ ఉన్న ఎత్తును అందుకోగానే, పైనున్నదంతా ఒక్కసారి కిందికి వచ్చి కలుస్తుంది. మంచు విడుతోంది, ఎండ వచ్చింది అని మనం బయటికి వచ్చే సమయంలోనే ఊపిరికి ఎక్కువ పొగ అందుతుంది. ఉదయం ఏడు నుంచి పది దాకా బడిపిల్లలు రోడ్డు మీద ఉండే సమయమది.

ఇదంతా ఊహ కాదు. మన వాతావరణ శాఖ ఢిల్లీ, హైదరాబాద్, విశాఖపట్నం సహా చాలా చోట్ల బెలూన్లకు చిన్న పరికరాలు కట్టి పైకి వదులుతుంది. ఉదయం అయిదున్నరకు వదిలే బెలూను పైకి పోతూ ఎత్తు ఎత్తుకూ ఉష్ణోగ్రతను రేడియో ద్వారా కిందికి చెబుతుంది. చలికాలం ఉదయాల్లో ఆ గీత మొదట్లో కుడివైపుకు, అంటే వెచ్చదనం వైపు వంగి, ఆ తర్వాతే ఎడమకు తిరుగుతుంది. ఆ వంపే మూత.

విడవని మూత: లండన్, 1952

రాత్రి పడిన మూత పగటికి విడిపోవడం మామూలు. విడవకపోతే ఏమవుతుందో 1952 డిసెంబరులో లండన్ చూసింది.

డిసెంబరు 5, శుక్రవారం. దక్షిణ ఇంగ్లండు మీద అధిక పీడనం వచ్చి కదలకుండా కూర్చుంది. అధిక పీడనమున్న చోట పై గాలి మెల్లగా కిందికి దిగుతుంది. సైకిల్ పంపులో గాలిని నొక్కితే పంపు వేడెక్కినట్టే, దిగే గాలి నొక్కుకుని వెచ్చబడుతుంది. అలా రాత్రి నేల చల్లబడి కింద తయారైన మూతకు, పైనుంచి దిగిన వెచ్చగాలి తోడైంది. పొగమంచు నేల నుంచి ఒకటి రెండు వందల మీటర్ల ఎత్తు దాకా నిండింది. గాలి వీచలేదు.

చలి ఎక్కువైంది కాబట్టి ప్రతి ఇంట్లో పొయ్యిలో బొగ్గు ఇంకాస్త ఎక్కువ వేశారు. యుద్ధం తర్వాతి రోజులు. మేలు రకం బొగ్గు ఎగుమతికి పోయేది, ఇళ్లకు గంధకం ఎక్కువున్న నాసిరకం బొగ్గు వచ్చేది. విద్యుత్ కేంద్రాలూ నగరం మధ్యే ఉండేవి. ఆ గంధకపు పొగ మంచు బిందువుల్లో కరిగి ఆమ్లమైంది. జనం పీల్చింది దాన్నే. బస్సుల ముందు కండక్టర్లు దీపాలు పట్టుకుని నడిచారు. ఒక నాటకశాలలో ప్రేక్షకులకు వేదిక కనిపించక ప్రదర్శన ఆపేశారు. డిసెంబరు 9, మంగళవారం నాడు గాలి వీచాకే మూత కదిలింది.

ఆ అయిదు రోజుల్లో ఎంతమంది పోయారో అప్పటికి ఎవరికీ అర్థం కాలేదు. మనుషులు వీధుల్లో పడి చనిపోలేదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, గుండె జబ్బూ ఉబ్బసమూ ఉన్నవాళ్లు ఇళ్లల్లో, ఆసుపత్రుల్లో ఒక్కొక్కరుగా పోయారు. మరణాల నమోదు లెక్కలు తీసి పోల్చి చూశాకే మామూలు కన్నా సుమారు 4000 మంది ఎక్కువ చనిపోయారని తేలింది. తర్వాతి నెలల మరణాలనూ కలిపి తర్వాతి కాలంలో చేసిన అధ్యయనం ఆ సంఖ్య 12,000 దాకా ఉండవచ్చని చెప్పింది.

బ్రిటన్ 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం తెచ్చింది. పొగ వచ్చే బొగ్గు కాల్చకూడని ప్రాంతాలను గుర్తించి, ఇళ్లవాళ్లు పొయ్యిలు మార్చుకోవడానికి డబ్బు సాయం చేసింది. పని మెల్లగా సాగింది. 1962 డిసెంబరులో మూత మళ్లీ పడింది, మళ్లీ వందల మంది చనిపోయారు. ఆ తర్వాత బొగ్గు పొయ్యిలు పోతూ వచ్చాయి. లండన్ మీద ఈనాటికీ చలికాలంలో అధిక పీడనం వస్తుంది, మూత పడుతుంది, మంచు కమ్ముతుంది. 1952 మాత్రం మళ్లీ రాలేదు. మూత కింద ఉండాల్సిన పొగ అక్కడ లేదు.

మూతను ఎత్తగలమా?

ఢిల్లీలో 2021లో 24 మీటర్ల ఎత్తున ఒక పొగ గోపురం కట్టారు. పెద్ద పంకాలతో గాలిని లాగి, వడగట్టి వదలడం దాని పని. సెకనుకు వెయ్యి ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేయగలదని చెప్పారు. వినడానికి పెద్ద అంకే. మూత లెక్కలో పెట్టి చూద్దాం.

ఢిల్లీ విస్తీర్ణం 1483 చదరపు కిలోమీటర్లు. మూత వంద మీటర్ల ఎత్తున ఉన్న రోజు దాని కింద చిక్కిన గాలి సుమారు 14,800 కోట్ల ఘనపు మీటర్లు. సెకనుకు వెయ్యి చొప్పున ఒక్కసారి వడగట్టడానికి ఆ గోపురానికి నాలుగున్నర ఏళ్లకు పైగా పడుతుంది. ఈలోగా నగరం పొగ వదులుతూనే ఉంటుంది. గోపురం పక్కన కొద్ది దూరం గాలి మెరుగుపడవచ్చు. నగరానికి ఆ పని చేతకాదు.

నీళ్లు చల్లితే రోడ్డు దుమ్ము కొంతసేపు అణుగుతుంది, బండి గొట్టంలోంచి వచ్చే సన్నటి కణాలు అణగవు. మంచి వాన పడితే గాలి కడుక్కుపోతుంది కానీ, మూత పడే రోజుల్లో వాన కురవగల మబ్బు ఆకాశంలో ఉండటం అరుదు. మూతను లేపగల శక్తి ఎండకూ గాలికీ మాత్రమే ఉంది. అవి రెండూ మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నది మూత కింద ఏం కాలుస్తున్నామన్నది ఒక్కటే.

మన ఊళ్ల సంగతి

దక్షిణాదిన చలి తక్కువ కాబట్టి ఇది మన బాధ కాదనుకోవడం పొరపాటు. మన దగ్గర మూత సాధారణంగా అంత మందంగా ఉండదు, ఎండ త్వరగా లేపేస్తుంది, రోజుల తరబడి నిలవడం అరుదు. కానీ చలికాలపు తేట రాత్రుల్లో తెల్లవారుజామున అది పడటం మాత్రం మామూలే.

విశాఖ నగరం ఉన్న చోటు చూడండి. ఉత్తరాన కైలాసగిరి కొండల వరస, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ దాకా సాగే యారాడ కొండలు, తూర్పున సముద్రం. మధ్యలో గిన్నెలాంటి పల్లం. ఓడరేవు, అక్కడి బొగ్గు, ఇనుప ఖనిజం కుప్పలు, రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, వాటి మధ్యే పాతపేటలు. ఆ గిన్నెకు రెండు పక్కల గోడలుగా కొండలున్నాయి. చలికాలం రాత్రి మూత కూడా పడితే లోపలి గాలి తప్పించుకోవడానికి దారులు చాలా తగ్గిపోతాయి. పాడేరు కొండల్లో మంచుతో జరిగేదే ఇక్కడ దుమ్ముతో, పొగతో జరుగుతుంది.

ఇక భోగి. చలికాలంలో మూత బాగా కిందికి దిగి, గట్టిగా బిగిసి ఉండేది సూర్యోదయానికి ముందు గంటల్లో. భోగి మంట వేసేది సరిగ్గా అప్పుడే. మన పెద్దలు వేసిన మంటలో ఎండు కట్టెలు, పిడకలు, పాత కొయ్య సామాను ఉండేవి. ఊరి చుట్టూ పొలాలు ఉండేవి. నేడు నగరంలో వీధికో మంట, అందులో టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, రెక్సిన్ పరుపులు. అవి కాలితే వచ్చే నల్లటి పొగలో సన్నటి కణాలతో పాటు క్యాన్సరు తెచ్చే రసాయనాలు కూడా ఉంటాయి. అది నాలుగంతస్తుల ఎత్తుకు లేచి, మన కిటికీల దగ్గరే ఆగుతుంది.

2018 జనవరి 13న చెన్నైలో భోగి ఉదయం ఇదే జరిగింది. మంటల పొగ మంచుతో కలిసి నేలను పట్టేసింది. విమానాశ్రయంలో రన్‌వే కనిపించక విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్నింటిని వేరే ఊళ్లకు మళ్లించారు. సముద్రపు గాలి ఆడే నగరమే అయినా, ఆ ఉదయం ఆ గాలి ఇంకా మొదలు కాలేదు.

ఎప్పుడు జాగ్రత్తపడాలి

మూత పడిందో లేదో మనమే చెప్పుకోవచ్చు. రాత్రి చుక్కలు స్పష్టంగా కనిపించి, ఆకు కదలక, తెల్లవారి మంచు పట్టిందంటే పడినట్టే. దూరాన పొగ లేచి, ఒక ఎత్తున ఆగి పక్కకు పరుచుకుంటే అనుమానమే అక్కర్లేదు. ఎత్తైన మేడ మీదినుంచి చూస్తే దిగంతాన ఒక బూడిదరంగు పట్టీ, దాని పైన ఒక్కసారిగా తేటపడ్డ నీలం కనిపిస్తాయి. రెండూ కలిసే ఆ గీతే మూత అంచు.

అలాంటి రోజున తెల్లవారుజామున నడకకు వెళ్లడం ఆరోగ్యానికి మంచిదన్న నమ్మకాన్ని పక్కన పెట్టాలి. చల్లగా ఉన్నంత మాత్రాన గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదు. చల్లగా, కదలకుండా ఉంది కాబట్టే అందులో పొగ మిగిలి ఉంది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు, పసిపిల్లలు ఎండ బాగా ఎక్కి మంచు విడిన తర్వాత, పది దాటాక బయటికి రావడం మేలు. నడక సాయంత్రానికి మార్చుకునేవాళ్లు పొద్దు గుంకకముందే ముగించుకోవాలి. కిటికీలు కూడా మధ్యాహ్నం తెరిచి, సాయంత్రానికి మూసుకోవాలి. బయటికి వెళ్లక తప్పనివాళ్లకు గుడ్డ మాస్కు సరిపోదు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 కావాలి.

వీధులు ఊడ్చేవాళ్లకు, పాలు, పేపర్లు వేసేవాళ్లకు, రాత్రి కాపలావాళ్లకు ఈ సలహాలేవీ పనికిరావు. వాళ్ల పని గంటలే మూత పడే గంటలు. ఊడ్చిన ఆకులను, చెత్తను అక్కడే కుప్పపెట్టి తగలబెట్టమని వాళ్లకు చెప్పే ప్రతి కాలనీ, ఆ పొగను మొదట వాళ్ల చేతే పీల్పిస్తోంది. కాపలావాడికి ఒక దుప్పటో, చిన్న హీటరో ఇస్తే అతను టైరు ముక్కలు కాల్చుకోడు. నగరపాలక సంస్థలు చలికాలపు నెలల్లో రాత్రిపూట చెత్త మంటలను గట్టిగా ఆపితే, ఆ ఒక్క పని మూత బాగా దిగి ఉన్న గంటల్లోనే ఫలితమిస్తుంది.

ఈసారి భోగి ముందు రోజే మీ వీధివాళ్లతో ఒక్క మాట చెప్పండి. వీధికి ఒక్కటే మంట వేద్దామని, అందులో కట్టె, పిడక తప్ప ఇంకేమీ వేయవద్దని. ఆ తెల్లవారుజామున మన తల మీద వంద మీటర్ల ఎత్తున మూత ఉంటుంది. మంటలో వేసినదేదైనా ఎండెక్కేదాకా మన పిల్లల ఊపిరిలోనే ఉంటుంది.